ఎనిమిది నిమిషాల స్పీచ్, పదకొండు అంకెలు

హైదరాబాద్ శివార్లలో అద్దె గ్రౌండ్ల మీద జరిగే ఒక ఆదివారం క్రికెట్ లీగ్‌కి ఐదేళ్ళుగా నేను స్కోరర్‌ని. ఎనిమిది జట్లు, లెదర్ బాల్, ఇరవై ఓవర్ల మ్యాచ్‌లు. ప్రతి జట్టూ మిగతా ఏడు జట్లతో ఒక్కోసారి ఆడుతుంది కాబట్టి 28 మ్యాచ్‌లు, ఆపైన రెండు సెమీఫైనల్స్, ఒక ఫైనల్. నవంబరులో మొదలుపెడితే ఎండలు ముదిరేలోపు ముగుస్తుంది. ఈసారి ఫైనల్ అయిన రాత్రి మా సెక్రటరీ ఫోన్ చేసి, "అన్నా, అవార్డ్స్ నైట్‌లో స్పీచ్ నువ్వే ఇవ్వాలి. లెక్కలన్నీ నీ దగ్గరే ఉన్నాయి కదా" అన్నాడు. ఫంక్షన్‌కి పన్నెండు రోజులుంది.

లెక్కలన్నీ నా దగ్గరే ఉండటమే అసలు కష్టమని అప్పుడు తెలియలేదు.

రెండు రాత్రులు కూర్చుని మొదటి డ్రాఫ్ట్ రాశాను. ఎనిమిది అవార్డులు, ఒక్కో అవార్డుకి ఒక పేరా. బెస్ట్ బౌలర్ పేరా ఇలా ఉంది: "తొమ్మిది మ్యాచ్‌ల్లో 34 ఓవర్లు వేసి, 179 పరుగులిచ్చి, 19 వికెట్లు తీశాడు. ఎకానమీ 5.26, సగటు 9.42, స్ట్రైక్ రేట్ 10.7. మొత్తం 204 బంతుల్లో 112 డాట్ బాల్స్." కాగితం మీద చూసుకుంటే నాకు ముచ్చటేసింది. ఐదు నెలలు ఎండలో కూర్చుని రాసుకున్న స్కోరు అది. ప్రతి అంకె వెనక ఒక ఆదివారం ఉంది.

మూడో రోజు పొద్దున అమ్మ కాఫీ తాగుతుంటే మొత్తం చదివి వినిపించాను. అమ్మకి క్రికెట్ కొంచెం తెలుసు. టీవీలో మ్యాచ్ వస్తే చూస్తుంది, వికెట్ అంటే ఏమిటో, సిక్స్ అంటే ఏమిటో తెలుసు, బౌలర్ ఓవర్‌కి సగటున ఎన్ని పరుగులిచ్చాడో చెప్పే ఎకానమీ తెలియదు. మా ఫంక్షన్‌కి వచ్చేవాళ్ళలో సగం మంది అలాంటివాళ్ళే. ఆటగాళ్ళ భార్యలు, అమ్మానాన్నలు, పిల్లలు. చదవడానికి పద్నాలుగు నిమిషాలు పట్టింది. అయ్యాక, "బౌలర్ అబ్బాయి ఏం చేశాడో చెప్పమ్మా" అని అడిగాను. అమ్మ కాసేపు ఆలోచించి, "బాగా వేశాడన్నావు. అంకెలు చాలా చెప్పావురా, ఒకటి పట్టుకునేలోపు ఇంకోటి వచ్చేసింది" అంది.

ఎర్ర పెన్ను తీసుకుని డ్రాఫ్ట్‌లో ఎన్ని అంకెలున్నాయో చుట్టుకుంటూ పోయాను. 63 ఉన్నాయి. పద్నాలుగు నిమిషాల్లో 63 అంటే దాదాపు పదమూడు సెకన్లకొకటి. చదివేవాడు వెనక్కి వెళ్ళి మళ్ళీ చూసుకోగలడు. వినేవాడికి ఆ వీలు లేదు. 5.26 విన్నవాడు అది మంచిదా చెడ్డదా అని ఆలోచించే క్షణంలోనే 9.42 వచ్చి మీద పడుతుంది. అప్పటికి మొదటిది పోయినట్టే.

అదే వారం మా బావమరిది ఇంటికొచ్చాడు. వాడు క్రికెట్ పిచ్చోడు. 2001 కోల్‌కతా టెస్టు సంగతి వచ్చింది. మా హైదరాబాద్ వాళ్ళకి ఆ మ్యాచ్ సొంత ఇంటి కథ లాంటిది. ఫాలో ఆన్ ఆడుతూ లక్ష్మణ్, ద్రావిడ్ కలిసి 376 పరుగులు జోడించారు. నేను ఊరికే పరీక్షగా అడిగాను, లక్ష్మణ్ ఎంత కొట్టాడని. "281" అన్నాడు రెప్పవేయకుండా. ఎన్ని బంతుల్లో? తెలియదన్నాడు. ఎన్ని ఫోర్లు? తెలియదు. 452 బంతులు, 44 ఫోర్లు అని నేను చెబితే "అవునా" అని ఊరుకున్నాడు. తర్వాత వాడే అన్నాడు: "అవన్నీ ఎందుకు బావా, నాలుగో రోజంతా ఒక్క వికెట్ పడలేదు. పొద్దున దిగినవాళ్ళు సాయంత్రం దాకా వాళ్ళే."

ఇరవై ఏళ్ళు దాటినా వాడికి మిగిలినవి రెండే. ఒకటి, 281 అనే ఒక్క అంకె. రెండోది అంకెలా వినపడని లెక్క: పొద్దున్నుంచి సాయంత్రం దాకా వికెట్ పడకపోవడం. అది కూడా గణాంకమే, కానీ ఒక రోజు ఎంత పొడుగుంటుందో అందరికీ తెలుసు కాబట్టి క్రికెట్ రానివాళ్ళకీ అర్థమవుతుంది. ఆ రాత్రి నా డ్రాఫ్ట్ పక్కనపెట్టి కొత్తగా మొదలుపెట్టాను. ఒక్కో ఆటగాడికి ఒకే అంకె, మరీ అవసరమైతే దాన్ని పోల్చి చూపడానికి ఇంకొకటి. అంతకు మించి వద్దనుకున్నాను.

ఆ ఒక్క అంకె ఏదో ఎంచుకునే ముందు లెక్కలు సరిచూసుకోవాలి. స్పీచ్‌లో అంకెలు తగ్గేకొద్దీ ఒక్కోదాని మీద బరువు పెరుగుతుంది. అరవై అంకెల్లో ఒకటి తప్పయితే ఎవరూ పట్టించుకోకపోవచ్చు. ఉన్న ఒక్కటీ తప్పయితే మాత్రం ఆ ఆటగాడి ముందు, వాళ్ళింట్లోవాళ్ళ ముందు మన మాటకి విలువుండదు.

మేం స్కోరు ఫోన్‌లో యాప్‌లోనూ రాస్తాం, పక్కన పుస్తకంలోనూ రాస్తాం. యాప్‌లో ఆటగాళ్ళని ఫోన్ నంబరుతో చేరుస్తారు. ఒకే మనిషిని ఒక మ్యాచ్‌లో పాత నంబరుతో, ఇంకో మ్యాచ్‌లో కొత్త నంబరుతో చేర్చితే యాప్ దృష్టిలో వాళ్ళు ఇద్దరు వేర్వేరు మనుషులు. ఈసారి సరిగ్గా అదే జరిగింది. బ్యాటింగ్ పట్టికలో 318 పరుగులతో ఒకతను పైనున్నాడు. ఛాంపియన్ జట్టు ఓపెనర్ 287తో రెండో స్థానంలో ఉన్నాడు. నాకేమో ఆ ఓపెనర్ అంతకన్నా ఎక్కువే కొట్టినట్టు అనిపిస్తోంది, ఎందుకంటే అతని షాట్లు రాసి రాసి నా చెయ్యి నొప్పిపుట్టింది. మొత్తాలు కూడి చూశాను. బ్యాటర్ల పరుగులూ ఎక్స్‌ట్రాలూ కలిపితే జట్టు స్కోరుతో సరిగ్గా సరిపోయాయి. అక్కడ తప్పు దొరకదు మరి, పరుగులు ఎక్కడికీ పోలేదు, రెండు పేర్ల కింద చీలాయంతే. చివరికి దొరికింది మనుషుల లెక్కలో. ఆ జట్టు ఇచ్చిన జాబితాలో పదిహేను మంది ఉంటే, యాప్‌లో ఆ జట్టుకి పదహారు పేర్లున్నాయి. పదహారో పేరు అదే ఓపెనర్‌ది, స్పెల్లింగ్‌లో ఒక అక్షరం తేడా. దాని కింద రెండు మ్యాచ్‌లు, 65 పరుగులు. కలిపితే 352. అవార్డే మారిపోయింది. ట్రోఫీల మీద పేర్లు చెక్కే షాపుకి జాబితా పంపడానికి ఇంకా ఒక్కరోజే ఉంది. ఆ సాయంత్రం మిగతా ఏడు జట్ల జాబితాలూ యాప్ పేర్లతో ఒక్కొక్కటిగా సరిచూశాకే భోజనానికి లేచాను.

ఇంకో తప్పు నా ఎక్సెల్ షీట్‌లోనే ఉంది. ఓవర్లు రాసేటప్పుడు 3.4 అంటే మూడు ఓవర్ల నాలుగు బంతులు. అది దశాంశం కాదు. 3.4కి 2.5 కలిపితే ఎక్సెల్ 5.9 అంటుంది. నిజానికి 22 బంతులూ 17 బంతులూ కలిపి 39 బంతులు, అంటే 6.3 ఓవర్లు. ఓవర్లని అలాగే కూడేసి ఎకానమీ తీస్తే ప్రతి బౌలర్ లెక్కా కొంచెం కొంచెం తేడా వస్తుంది. కొద్ది తేడాతో అవార్డు పోయే ఇద్దరు బౌలర్లుంటే అది చిన్న విషయం కాదు. ముందు అన్నిటినీ బంతుల్లోకి మార్చుకున్నాను:

```
=INT(A2)*6+ROUND((A2-INT(A2))*10,0)
```

ఆ తర్వాత పరుగుల్ని బంతులతో భాగించి ఆరుతో గుణించాను. బైస్, లెగ్ బైస్ బౌలర్ ఖాతాలోకి రాకూడదు, రనౌట్ బౌలర్ వికెట్ కాదు. ఇవి మనకి తెలిసినవే అయినా, పుస్తకంలో హడావుడిగా రాసిన రోజుల్లో రెండు చోట్ల పొరపాటు దొరికింది.

సగటు విషయంలో కూడా జాగ్రత్తపడాల్సి వచ్చింది. పట్టికలో అందరికన్నా ఎక్కువ సగటు ఎనిమిదో నంబరులో దిగే ఒక కుర్రాడిది, 61. నాలుగుసార్లు బ్యాటింగ్‌కి దిగాడు, మూడుసార్లు నాటౌట్, మొత్తం 61 పరుగులు. ఒక్కసారే ఔటయ్యాడు కాబట్టి 61ని ఒకటితో భాగిస్తారు. మన ఓపెనర్ తొమ్మిదిసార్లు దిగి, ఎనిమిదిసార్లు ఔటై, 352 కొట్టాడు. అతని సగటు 44. స్టేజి మీద "అత్యధిక సగటు 61" అంటే అది అబద్ధం కాదు, కానీ వినేవాళ్ళు ఆ కుర్రాడు ఓపెనర్ కన్నా మంచి బ్యాటర్ అనుకుంటారు. వినేవాళ్ళు తప్పుగా అర్థం చేసుకుంటారని తెలిసి కూడా చెబితే ఆ తప్పు నాదే. కనీసం ఐదుసార్లు ఔటైనవాళ్ళకే సగటు చూడాలని పెట్టుకున్నాను. ఆ కుర్రాడి గురించి మాత్రం, చివరి ఓవర్లలో దిగి మూడు మ్యాచ్‌ల్లో చివరిదాకా నిలబడ్డాడని ఒక్క వాక్యం, చోటు దొరికితే చెబుదామని, పక్కన రాసిపెట్టుకున్నాను. అతను చేసిన పని అదే.

ఇక అంకెల ఎంపిక. బెస్ట్ బౌలర్ ఒక ఆఫ్ స్పిన్నర్. అతనికి ఏ అంకె చెప్పాలో తేలడానికి రెండు రోజులు పట్టింది. 19 వికెట్లు అనేది అందరికీ అర్థమవుతుంది, కాబట్టి అది ఉండాలి. కానీ అతని అసలు గొప్పతనం వికెట్లు కాదు, పరుగులివ్వకపోవడం. ఎకానమీ 5.26 అంటే సగం హాలుకి ఎక్కదు. లీగ్ మొత్తం బౌలర్ల ఎకానమీ 7.6. ఆ రెండూ పక్కపక్కన పెట్టినా ఇంకా అంకెలే. అప్పుడు అతను ఒక మ్యాచ్‌లో వేసే నాలుగు ఓవర్లకి లెక్కగట్టాను. ఓవర్‌కి రెండుంపావుకి కొంచెం పైన తేడా, నాలుగు ఓవర్లకి తొమ్మిది పరుగులు. తర్వాత వాళ్ళ జట్టు ఫలితాలు చూశాను. మూడు మ్యాచ్‌లు పది పరుగుల లోపు తేడాతో గెలిచారు. ఇంక రాయడానికి ఏముంది, పేరా తనంతట తానే వచ్చింది:

"ఇతను నాలుగు ఓవర్లు వేస్తే, లీగ్‌లో మామూలు బౌలర్ ఇచ్చేదానికన్నా తొమ్మిది పరుగులు తక్కువ ఇచ్చాడు. తొమ్మిది పరుగులేగా అనిపించొచ్చు. వీళ్ళ జట్టు మూడు మ్యాచ్‌లు గెలిచింది పది పరుగుల లోపు తేడాతో. వికెట్లు కూడా తీశాడు. ఎన్నంటే, పంతొమ్మిది."

ఇక్కడ ఒక హద్దు పెట్టుకున్నాను. "ఇతని వల్లే ఆ మూడు మ్యాచ్‌లు గెలిచారు" అని రాయలేదు. తొమ్మిది పరుగులనేది సీజన్ మొత్తానికి సగటు. ఆ మూడు మ్యాచ్‌ల్లో ఒకదాంట్లో అతను కొంచెం ఎక్కువే ఇచ్చుకున్నాడు. రెండు విషయాలు పక్కపక్కన పెట్టాను, అంతవరకే నా లెక్క ఒప్పుకుంటుంది. ఆ మ్యాచ్‌లో చివరి ఓవర్ వేసి గెలిపించిన ఫాస్ట్ బౌలర్ కూడా హాల్లోనే కూర్చుని ఉంటాడు.

ఓపెనర్‌కి 352 అనే అంకె ఉంచాను. 281 లాగే అది గుర్తుండే రకం. దానికి తోడు, ఆ తొమ్మిది మ్యాచ్‌ల్లో జట్టు చేసినవి 1,290 పరుగులు. వాటిలో ఇతని వాటా నూటికి 27. అది కూడా అంకెలా చెప్పకుండా, "ఈ జట్టు కొట్టిన ప్రతి నాలుగు పరుగుల్లో ఒకటి ఇతని బ్యాట్ నుంచే వచ్చింది" అని రాశాను. నిజానికి పావు వంతు కన్నా కొంచెం ఎక్కువే. ఆ కొంచెం వదిలేశాను. ఎక్కువ చేసి చెప్పడం కన్నా తగ్గించి చెప్పడం మేలు. స్ట్రైక్ రేట్, ఫోర్లు, సిక్సర్లు అన్నీ తీసేశాను.

నేను ఎక్కువసేపు కూర్చున్నది వికెట్ కీపర్ పేరా దగ్గర. కీపర్‌కి మంచి అంకెలుండవు. క్యాచ్‌లు బౌలర్ మీద ఆధారపడతాయి, స్టంపింగ్‌లు స్పిన్నర్ మీద ఆధారపడతాయి. వదిలేసిన క్యాచ్‌లు స్కోరు పుస్తకంలో ఎవరూ రాయరు. మా బెస్ట్ కీపర్‌కి ముప్పై ఏడేళ్ళు, అతని జట్టు సెమీస్‌కి కూడా రాలేదు. ఏడే మ్యాచ్‌లు ఆడాడు. క్యాచ్‌ల్లో అతను మూడో స్థానం. అయినా ఎనిమిది మంది కెప్టెన్లలో ఆరుగురు అతనికే ఓటేశారు. ఎందుకో స్కోరు పుస్తకంలో ఎక్కడ కనపడుతుంది?

పేజీలు తిరగేస్తుంటే బైస్ గడి కనపడింది. ఏడు మ్యాచ్‌ల్లో అతను వదిలిన బైస్ తొమ్మిది పరుగులు. మా గ్రౌండ్లలో బంతి ఒకటి మోకాలి దాకా లేస్తుంది, ఒకటి నేల మీద పాకుతుంది. అక్కడ తొమ్మిదంటే చాలా తక్కువ. కానీ బైస్ అంటే ఏమిటో స్టేజి మీద వివరించాలంటే దానికే అర నిమిషం పడుతుంది. అప్పుడు వాళ్ళు ఫీల్డింగ్ చేసిన ఓవర్లన్నీ కలిపి చూశాను. 132 ఓవర్ల రెండు బంతులు. వైడ్లు, నోబాల్స్ వదిలేస్తే 794 బంతులు. ప్రతి బంతికీ కీపర్ మోకాళ్ళు మడిచి కూర్చుంటాడు, లేస్తాడు. అంతే, పేరా దొరికింది. ఇలా రాశాను:

"ఈ సీజన్‌లో ఇతను మోకాళ్ళ మీద కూర్చుని లేచింది దాదాపు ఎనిమిది వందల సార్లు. ఎండలో, ప్యాడ్లు కట్టుకుని, ఒక్క ఓవర్ కూడా ఇంకొకరికి గ్లవ్స్ ఇవ్వకుండా. అన్నిసార్లు లేచినా, చేతుల్లోంచి జారి వెనక్కి పోయిన పరుగులు తొమ్మిది."

ఈ పేరా మళ్ళీ అమ్మకి చదివాను. "ఎనిమిది వందల గుంజీళ్ళా!" అంది. అమ్మ నోట ఆ మాట విన్నాక ఇంక దాన్ని మార్చలేదు.

చెప్పే భాష గురించి కూడా ఆలోచించాల్సి వచ్చింది. గ్రౌండ్‌లో మేమంతా స్కోర్లు ఇంగ్లిష్‌లోనే చెప్పుకుంటాం, "ఫార్టీ సెవెన్ కొట్టాడు" అంటాం. పెద్దవాళ్ళకి "నలభై ఏడు" అంటేనే చెవికి ఆనుతుంది. హాల్లో ఇద్దరూ ఉంటారు. పేరున్న అంకెలు, అంటే ఓపెనర్ 352 లాంటివి, రెండు విధాలా చెప్పాలనుకున్నాను: "త్రీ ఫిఫ్టీ టూ. మూడు వందల యాభై రెండు." ఒకే అంకె రెండుసార్లు వినపడుతుంది, అది మేలే. మిగతావన్నీ తెలుగులోనే. ఇక్కడ మన భాషలో ఒక సౌకర్యం ఉంది. పావు, అర, ముప్పావు అనేవి రోజూ కూరల బండి దగ్గర వాడే మాటలు. "ఫైవ్ పాయింట్ టూ సిక్స్" అంటే లెక్క, "ఓవర్‌కి ఐదుంపావు" అంటే మాట. ఆల్‌రౌండర్ పేరాలో ఒక చోట అలాగే వాడాను.

వాక్యంలో అంకె ఎక్కడుండాలనేది కూడా చదివి చూస్తేనే తెలిసింది. మామూలుగా మనం "పంతొమ్మిది వికెట్లు తీశాడు" అంటాం. క్రియ చివర్లో వస్తుంది, చప్పట్లు దాని తర్వాత వస్తాయి, ఈలోగా అంకె కొంచెం పాతబడుతుంది. "తీసిన వికెట్లు, పంతొమ్మిది" అని ఆపితే అంకె చివర నిలబడుతుంది, దాని తర్వాత నిశ్శబ్దం. ముఖ్యమైన అంకెలున్న వాక్యాలన్నీ ఇలా తిప్పి రాశాను. అన్ని వాక్యాలూ తిప్పితే కృతకంగా ఉంటుంది కాబట్టి నాలుగు చోట్లకే ఆపాను. కాగితంలో ఆ నాలుగు చోట్లా అడ్డంగా ఒక గీత పెట్టుకున్నాను. గీత దగ్గర మనసులో మూడు దాకా లెక్కపెట్టి అప్పుడు ముందుకెళ్ళాలి.

ఒక విషయంలో కమిటీలో కొంచెం వాదన జరిగింది. "ఎక్కువ డకౌట్లు ఎవరివో కూడా చెప్పు, హాలంతా నవ్వుతారు" అన్నారు ఇద్దరు ముగ్గురు. లెక్క నా దగ్గరుంది, ఎవరిదో తెలుసు. అతను ఈ ఏడాదే చేరాడు. ప్రతి ఆదివారం అందరికన్నా ముందొచ్చి స్టంపులు పాతేవాడు. వాళ్ళ నాన్నగారిని కూడా ఫంక్షన్‌కి తీసుకొస్తున్నానని చెప్పాడు. నేను చెప్పనన్నాను. గ్రౌండ్‌లో వాళ్ళలో వాళ్ళు ఏడిపించుకోవడం వేరు, మైకు పట్టుకుని అంకెతో సహా చెప్పడం వేరు. సెక్రటరీ కూడా నా మాటే సరే అన్నాడు.

మిగిలిన లెక్కలన్నీ ఏం చేయాలి? పారేయడానికి మనసొప్పలేదు. పారేయక్కర్లేదు కూడా. ప్రతి జట్టుకీ ఒక పేజీ చొప్పున, పెద్ద అక్షరాలతో ప్రింట్ తీయించాను. బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్, ప్లేయర్ ఆఫ్ ద సీజన్‌కి పాయింట్లు ఎలా వేశామో ఆ లెక్కతో సహా. వాటిని భోజనాల కౌంటర్ పక్క గోడకి అంటించమన్నాను. అవి స్పీచ్‌కి ముందు ఎవరి చేతికీ ఇవ్వొద్దని గట్టిగా చెప్పాను. కాగితం చేతిలో ఉంటే మనిషి తన పేరు వెతుక్కుంటాడు, మన మాట వినడు.

ఫంక్షన్‌కి రెండు రోజుల ముందు టైము చూసుకున్నాను. గీతల దగ్గర ఆగుతూ, పేర్లు నిదానంగా పలుకుతూ చదివితే ఏడు నిమిషాల నలభై సెకన్లు. ఎర్ర పెన్నుతో మళ్ళీ లెక్కపెట్టాను. పదకొండు అంకెలు. ఆ రాత్రి నా భార్యకి ఒకసారి వినిపించి, అప్పుడేమీ అడగలేదు. మర్నాడు పొద్దున తను టిఫిన్ బాక్సులు సర్దుతుంటే, రాత్రి విన్నదాంట్లో ఏం గుర్తున్నాయని అడిగాను. వెంటనే అడిగితే అందరూ నాలుగైదు చెబుతారు, రాత్రి నిద్ర గడిచాక ఏం మిగిలిందో అదే అసలు లెక్క. "ఎనిమిది వందల సార్లు కూర్చోవడం. నాలుగు పరుగుల్లో ఒకటి. తొమ్మిది పరుగులు తక్కువిచ్చిన అబ్బాయి" అంది. పంతొమ్మిది వికెట్లు గుర్తులేవు. ఆల్‌రౌండర్ గురించి అసలేమీ గుర్తులేదు. ఆ పేరాలో అప్పటికి పరుగులూ వికెట్లూ రెండూ పెట్టాను, ఓవర్‌కి ఐదుంపావు కాక. మూడు అంకెలు ఒక్క చోట పడితే ఏదీ నిలవలేదు. పరుగులు, వికెట్లు రెండూ కొట్టేసి, ఒక మ్యాచ్‌లో అతను మొదటి ఓవర్ వేసి, తర్వాత ఓపెనింగ్‌కి దిగి, గెలుపు పరుగు కూడా తనే కొట్టిన సంగతి రాశాను. అంకెలు తొమ్మిదికి దిగాయి. ఆ ఖాళీలో ఎనిమిదో నంబరు కుర్రాడి మూడు నాటౌట్లకీ, స్కోరింగ్‌లో నాకు సాయం చేసిన ఇద్దరు పిల్లలు కూర్చున్న పదహారు మ్యాచ్‌లకీ చోటు దొరికింది. మళ్ళీ పదకొండు.

ఫంక్షన్ హాల్లో నేననుకున్నదానికన్నా గోల ఎక్కువగా ఉంది. మైకు గుయ్‌మంటోంది, పిల్లలు కుర్చీల మధ్య పరిగెడుతున్నారు, వెనక బిర్యానీ మూతలు తీస్తున్న వాసన. మొదట్లో కొంచెం టెన్షన్ పడ్డాను. బౌలర్ పేరా దగ్గర "పంతొమ్మిది" అని ఆగాను. ఒక్క క్షణం ఏమీ లేదు, తర్వాత అతని జట్టు బల్ల దగ్గర్నుంచి అరుపులు. ఓపెనర్ దగ్గర మాత్రం తొందరపడ్డాను. "త్రీ ఫిఫ్టీ టూ" అనగానే చప్పట్లు మొదలయ్యాయి, నేను ఆగకుండా తెలుగులో మళ్ళీ చెప్పబోయాను, అది ఎవరికీ వినపడలేదు. తర్వాతొచ్చే నాలుగు పరుగుల వాక్యం కూడా సగం ఆ చప్పట్లలోనే కలిసిపోయింది. మొదట తెలుగులో చెప్పి, అది నిశ్శబ్దంగా విన్నాక ఇంగ్లిష్‌లో చెప్పి ఆపాల్సింది. చప్పట్లు ఎప్పుడూ ఆటగాళ్ళ బల్లల నుంచే మొదలవుతాయి, వాళ్ళ చెవి ఇంగ్లిష్ అంకెకే లేస్తుంది. వచ్చే ఏడాది కాగితంలో ఆ వరస మారుస్తాను.

కీపర్ పేరాకి చప్పట్లు వెంటనే రాలేదు. "దాదాపు ఎనిమిది వందల సార్లు" అన్నాక హాలు కొంచెం సద్దుమణిగింది. మా సెక్రటరీ పక్కనున్న పెద్దాయన తన మోకాలి మీద చెయ్యి వేసుకోవడం స్టేజి మీంచి కనపడింది. తొమ్మిది పరుగుల మాట చెప్పాకే అందరూ లేచారు.

భోజనాల దగ్గర గోడ కాగితాల ముందు ప్లేట్లు పట్టుకుని జనం గుమిగూడారు. ఎవరి స్ట్రైక్ రేట్ ఎంత, ఎవరు ఎవరిని ఎన్నిసార్లు ఔట్ చేశారు, అన్నీ అక్కడే తేల్చుకుంటున్నారు. ఒకతను తన ఎకానమీ తప్పని నాతో వాదించాడు, పుస్తకం తెప్పించి ఇద్దరం బంతులు లెక్కపెట్టాం. ఆ వాదన జరుగుతుండగానే కీపర్ భార్య వచ్చి, "అన్నయ్యా, ఆ ఎనిమిది వందలు ఎక్కడ రాసుంది?" అని అడిగింది. అతని జట్టు పేజీలో కింద చిన్న గడిలో ఉన్న 794 చూపించాను. కాసేపు దాన్ని చూసి, "ప్రతి ఆదివారం రాత్రి మోకాళ్ళకి నూనె రాయమంటుంటే ఎందుకో అనుకునేదాన్ని" అంది. ఫోన్ తీసి ఆ గడి వరకు దగ్గరగా ఫోటో తీసుకుంది.